మూడోసారి తిరిగొచ్చిన పావడ

“ఇదేనా నీ కుట్టు? బిడ్డ కట్టుకోని వాకిలి దాటలా, నడుం కాడ కుట్టంతా ఊడిపాయ!”

“అత్తా, గొంతు దించు. ముందు ఆ పావడ ఇట్లియ్యి, చూస్తా.”

“చూసి ఏం చేస్తావు? పోయినసారీ చూస్తివి, అంతకు ముందూ చూస్తివి. నువ్వు సరిచేసేకొద్దీ చెడిపోతాండాది గానీ బాగుపడిందేముండాది?”

“నా చేతి కుట్టు అట్ల ఊడదు.”

“అంటే నేను అబద్ధాలాడతాండానా?”

“ఆ మాట నేను అనలా. నీ నోట్లో నుంచే వచ్చింది.”

“చూడండమ్మా, ఎంత మాటందో! గుడ్డ చెడగొట్టింది ఆమె, మాట పడేది నేను!”

ఆ చివరి మాట నా మొగం చూసి అన్నది కాదు. మా పంచకు ఎదురుగా బావి ఉండేది. అక్కడ బిందెలు పెట్టుకోని నిలబడిన ఆడోళ్లకు వినపడేటట్లు అన్నది. వాళ్లు చేదతాడు వదిలేసి మావైపు తిరిగినారు. ఒకామె అయితే, “ఏం పాపా, దారం తక్కువ పెట్టినావా ఏంది? దారం కాడ కూడా పిసినారితనమేనా నీకు?” అని నవ్వింది. నేను పిసినారినని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆ మాటకు నాకు కోపం రాదు. దారం తక్కువ పెట్టినానంటే మాత్రం వస్తుంది.

ఇది ప్రొద్దుటూరులో, నయాపైసలు వచ్చిన కొత్తలో జరిగింది. నాకు అప్పటికి ముప్పై నిండలేదు. నేను పుట్టింది జమ్మలమడుగు. బడికి మూడో తరగతి దాకా పోయినాను. ఆ తర్వాత తమ్ముళ్లను ఎత్తుకునేదానికి ఇంట్లో మనిషి కావాలని మాన్పించినారు. పక్కింట్లో సాయిబుగారి భార్య చేతి మిషను మీద కుట్టేది. చంకలో తమ్ముణ్ణి పెట్టుకోనే ఆమె పక్కన కూచోని కుట్టు నేర్చుకున్నాను. పెండ్లయి ప్రొద్దుటూరు వచ్చినాక, మా ఆయన నూనె మిల్లు కూలి ఇంటికి చాలక, నా కడియాలు అమ్మి ఒక పాత చేతి మిషను కొన్నాము. ఆ కాలంలో ఆడోళ్లు మగ దర్జీకి కొలతలు ఇచ్చేవాళ్లు కాదు. పాత రైక ఒకటి ఆదికి పంపేవాళ్లు, అది చూసి అతను కుట్టేవాడు. ఒళ్లు పెరిగినా తగ్గినా ఆ పాత రైక మాదిరే కొత్తది వచ్చేది. నా కాడికైతే వాళ్లే వచ్చి కొలత ఇచ్చేవాళ్లు. అట్లా నాకు పని దొరికింది.

నా పనికి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. గుడ్డ తీసుకునేటప్పుడే ఆ సంగతి చెప్పేదాన్ని. కుట్టులో తప్పు నాదైతే ఊరికే విప్పి కుట్టి ఇస్తా. లోపల మడత ఉన్నంత వరకు వదులు చేస్తా. కత్తెర పడిన గుడ్డను పెంచమంటే నాచేత కాదు. మిగిలిన పేలికలన్నీ మూట కట్టి గుడ్డతోపాటే తిరిగి ఇచ్చేస్తా, దర్జీ గుడ్డ దొంగిలించిందని ఎవరూ అనకూడదు.

ఇంత ఖచ్చితంగా ఉండే నాకు ఆ పావడ మూడోసారి తిరిగొచ్చింది.

తెచ్చినామె మా వెనక వీధిలో ఉండేది. మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతికేది. మొగుడు ఎప్పుడో పోయినాడు. ఉన్న ఒక్క కూతుర్ని పులివెందుల పక్కన పల్లెకు ఇచ్చింది. ఆ కూతురు పురిటికి పుట్టింటికి వచ్చి, ఆడబిడ్డను కని, పురిట్లోనే పోయింది. ఆ బిడ్డ అవ్వ కాడే పెరిగింది. రాట్నం తిరిగే చప్పుడుకే నిద్రపోయేది. అవ్వ కండె చుడతా ఉంటే వీపుకు ఆనుకోని కూచునేది. పళ్లు ఊడే వయసు వచ్చినా అవ్వ కొంగు పట్టుకోనే నడిచేది.

అల్లుడు కొన్నేండ్లు ఒంటిగా ఉండి మళ్లీ పెండ్లి చేసుకున్నాడు. ఆ ఏడు, బిడ్డను బడిలో వేస్తాను, తీసకపోతానని వచ్చినాడు. కాదనేదానికి ఆమెకు దారి లేదు. తండ్రి బిడ్డ. పెద్ద మనుషులు కూడా అదే అన్నారు. అప్పుడు ఆమె ఒక్క మాట అడిగింది.

“తల్లిలేని బిడ్డను పాత గుడ్డలతో పంపితే పుట్టింటోళ్లకు లేకి. కొత్త బట్టలు కట్టి, ఒళ్లో కొబ్బరి బెల్లం పెట్టి పంపాల. బట్టలు కుట్టించినాక తీసకపోదువులే నాయనా.”

అది మా పక్క ఉన్న పద్ధతే. సవతితల్లి గడపలో బిడ్డ అడుగు పెట్టేటప్పుడు ఒంటి మీద అమ్మగారింటి కొత్త బట్ట ఉండాల. అల్లుడు సరేనన్నాడు. పెద్ద మనుషులూ సరేనన్నారు. బట్టలయితే పిల్ల పోతుంది. బట్టలు కాకపోతే పోదు. ఆ మాట మీద అందరూ లేచి పోయినారు.

మరుసటి దినం ఆమె నా కాడికి కూతురి పెండ్లి కోక తెచ్చింది. చెంగావి రంగు, ఇంత ఎడల్పు అంచు. పెట్టెలో వేపాకుల మధ్య పెట్టి ఉంచినట్టుంది, విప్పగానే ఆ వాసన వచ్చింది.

“దీంట్లో పావడా రైకా కుట్టు పాపా.”

నేను కోక మడతలు విప్పి, చిరుగులేమన్నా ఉన్నాయేమోనని వెలుతురుకు పట్టి చూసినాను. యాడా లేవు. రెండు మూడు సార్లు కట్టి దాచిపెట్టిన కోక.

“అత్తా, మళ్లా ఒకసారి ఆలోచించుకో. కత్తెర పెట్టినాక ఇది కోక కాదు.”

“తెలుసులే. కొయ్యి.”

కొయ్యి అన్నదే గానీ, నేను కత్తెర పట్టుకుంటానే లేచి వాకిట్లోకి పోయింది. కోసేంత సేపు లోపలికి రాలేదు.

పిల్లను నిలబెట్టి కొలత తీసుకున్నాను. అంచు కిందికి వచ్చేటట్లు పెట్టి, దానిపైన మూడు మడతలు పెట్టి కుట్టినాను. ఏటేటా ఒక మడత విప్పుకుంటే ఆ పావడే పిల్ల పెరిగిందాకా వస్తుంది. నడుం పట్టీకి పైన చేతులు లేని బాడీ జతచేసినాను, చిన్నపిల్లలకు పావడ జారిపోకుండా. లోపల అన్ని పక్కలా గుడ్డ బాగా విడిచిపెట్టినాను. పిల్లల బట్టలకు నేనెప్పుడూ అంతే. ఒక్క వేలెడు గుడ్డ కూడా వృథాగా కోసి పారెయ్యను.

ఆ మడతలు చూసి ఆమె అడిగింది, “ఇవి ఇప్పేది ఎవరు ఆడ?”

“ఆ ఇంట్లో ఆమె ఇప్పుతాది. సూది దారం పట్టుకునేది తెలీకుండా ఉంటుందా?”

ఆమె ఆ మడతల మీద బొటనవేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా రాసింది.

బట్టలు తీసకపోయిన రెండో దినమే తిరిగొచ్చింది. “నడుం పట్టేస్తాంది, బిడ్డకు ఊపిరాడలా” అని. పిల్లకు తొడిగి చూస్తే పట్టీలో నా రెండు వేళ్లు దూరుతాండాయి. అయినా బేరానికి వచ్చిన మనిషి మాట తీసెయ్యకూడదని లోపలి మడత విప్పి వదులు చేసినాను. ఇంకొన్నాళ్లకు పావడా రైకా రెండూ తెచ్చింది, రైక చంక కాడ కోసుకుంటాంది అని. చూస్తే కోసుకుంటున్న గుర్తు చర్మం మీద యాడా లేదు. సరే, పిల్ల చెయ్యి ఎత్తి ఆడుకుంటాదని, ఆమె కాడ నుంచి పేలికల మూట తెప్పించి, దాంట్లో నుంచి నాలుగు మూలల చిన్న ముక్క తీసి చంక కింద అతికి ఇచ్చినాను. దానికీ కూలి తీసుకోలేదు.

రెండుసార్లూ అల్లుడు పులివెందుల నుంచి బస్సెక్కి వచ్చి, బట్టలు కాలేదని ఉత్త చేతులతో తిరిగిపోయినాడంట. అది నాకు తెలీదు. అతనే వచ్చి చెప్పేదాకా తెలీదు.

అతను మా పంచలోకి రాకుండా మెట్టు కింద నిలబడినాడు. భుజం మీద తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎండకు మొగం కమిలిపోయి ఉంది.

“అక్కా, నువ్వేనా మా అత్తకు బట్టలు కుడతాండేది?”

“కుట్టి ఇచ్చేసినా గదప్పా, ఎప్పుడో.”

“ఇంకా కాలేదంటాది. నీ కుట్టు బాగలేదంటాది. ఇంకో దర్జీ కాడ ఇప్పిస్తానంటే ఒప్పుకోదు. నువ్వే సరిచెయ్యాలంట.” కొంచెం ఆగి, “నేను కోపానికి రాలా అక్కా. బడి తెరిచినారు. పిల్ల పేరు చెప్పి వచ్చినా. మా ఇంట్లో ఆమె కూడా రోజూ అడుగుతాంది, యాడ పాప, యాడ పాప అని. ఆమెకింకా పిల్లల్లేరు. మళ్లా శనివారం వస్తా. అప్పటికన్నా అవుతుందా?”

“నా తరఫున ఎప్పుడో అయిపోయిందప్పా.”

అతను నా మొగం చూసినాడు, నేను అతని మొగం చూసినాను. ఇద్దరికీ ఒకేసారి తెలిసిపోయింది. అతను తల దించుకోని తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

“ఆమెను ఒక మాట అనలేనక్కా. ఆమె కూతురు నాకు బిడ్డను కనే పోయింది” అని వెనక్కి తిరిగి వెళ్లిపోయినాడు.

శనివారం రేపనగా ఆమె ఊడిన పావడ పట్టుకోని వచ్చి, బావి కాడోళ్లందరికీ వినపడేటట్లు అరుస్తాంది.

పావడ నా చేతికొచ్చినాక నడుం పట్టీని తిరగేసి చూసినాను. కుచ్చిళ్లు పట్టీకి కలిసే కాడ జానెడు పొడుగు కుట్టు విడిపోయి ఉంది. కుట్టు తానుగా తెగితే ఒకలాగా ఉంటుంది. దారం కొస పీచు పీచుగా లేస్తుంది, పక్కన గుడ్డ లాగినట్టుగా రంధ్రాలు పెద్దవయి ఉంటాయి. దీంట్లో గుడ్డకు చిన్న దెబ్బ కూడా తగల్లేదు. దారం ముక్కలు పొట్టిగా, ఒకే కొలతగా, కొసలు నున్నగా ఉన్నాయి. సూది మొన దూర్చి, ఒక పోగు ఎత్తి, కొరికి, మళ్లా కొన్ని పోగులు వదిలి ఇంకొకటి ఎత్తి, ఎంతో ఓపికగా విప్పినారు. గుడ్డకు నొప్పి తగలకుండా విప్పినారు. నూలుతో పుట్టి పెరిగిన చెయ్యి తప్ప ఇంకొక చెయ్యి అట్లా విప్పలేదు.

“ఏం పాపా, మాట్లాడవే?” అని బావి కాడి నుంచి ఎవరో అడిగినారు.

ఆ దారం ముక్క ఒకటి తీసి వాళ్లకు చూపించి ఉంటే నా మాట గెలిచేది. పెండ్లిళ్ల కాలం. రైకలన్నీ నా కాడికే వచ్చే దినాలు. నా కుట్టు ఊడుతుందనే మాట ఒక్కసారి వీధిన పడితే మా పొయ్యి మీదికే వస్తుంది. అయినా చూపించలేదు.

“నీళ్లు చేదుకోని మీ ఇండ్లకు పోండమ్మా. పొయ్యి మీద ఎసర్లు మరిగిపోతాంటాయి” అన్నాను వాళ్లతో. ఆమెతో, “లోపలికి రా అత్తా. నిలబడి మాట్లాడే పని కాదు ఇది” అన్నాను.

లోపలికి వచ్చింది. చాప వేసినాను, కూచోలేదు. నీళ్లిచ్చినాను, తాగలేదు. నేను తలుపు దగ్గరికి వేసి వచ్చి, ఆ దారం ముక్కలు ఆమె అరచేతిలో పోసినాను.

“ఇవి చూసి చెప్పత్తా. ఊడినాయా, ఇప్పినారా? నాకన్నా నీకే బాగా తెలుసు.”

ఆమె చూడలేదు. పిడికిలి మూసుకుంది.

“నీమీద నాకు కోపం లేదు. నీ అల్లుడు వచ్చి పోయినాడు నా కాడికి” అన్నాను.

“ఏమన్న్యాడు?”

“శనివారం వస్తా అన్న్యాడు. నిన్ను మాట అనలేను అన్న్యాడు.”

అప్పుడు కూచుంది. చాప మీద కాదు, ఉత్త నేల మీద, గోడకానుకోని. నేను మిషను మీది గుడ్డ తీసి, దారం ఎక్కిస్తా ఉన్నాను. చేతికి పని లేకుండా కూచునే అలవాటు నాకు లేదు.

“పాపా” అన్నది చివరికి. “ఇది నీ కాడే పెట్టుకో.”

“ఏమని?”

“కాలేదని చెప్పు. గుడ్డ పాడయింది, మళ్లా కొత్తగా కుట్టాలని చెప్పు. మిషను చెడిపోయిందని చెప్పు. ఏదో ఒకటి చెప్పు. ఈ ఎండలు పోనీ. వానలు పడినాక పంపిస్తా.”

“వానలు పడినాక?”

“పంపిస్తా అంటాండా గదా.”

“అత్తా, వానలు పడినాక చలి అంటావు. చలి పోయినాక పిల్లకు దగ్గు అంటావు.”

ఆమె నన్ను ఎట్లా చూసిందంటే, ఈ మాట రాసేటప్పుడు కూడా నాకు ఆ చూపు కనపడుతుంది. కోపంగా చూసి ఉంటే నేను తట్టుకుందును.

“రాత్రిపూట నా చెయ్యి దాని మీద ఉండాల, లేకపోతే నిద్రపోదు. ఆడ ఎవరేస్తారు చెయ్యి?” అన్నది.

నా పిల్లలిద్దరూ అప్పుడు పెరట్లో ఆడుకుంటాండారు, వాళ్ల అరుపులు వినపడుతున్నాయి. అయినా అడిగిన మాటకు జవాబు చెప్పాల. చెప్పకుండా వదిలేస్తే ఆమె ఆశ పెట్టుకోని పోతుంది.

“అత్తా, నాచేత అయ్యేది చెప్తా, కానిదీ చెప్తా. విను. ఈ కుట్టు ఇప్పుడే, నీ కండ్ల ముందరే కుట్టి ఇస్తా. ఒకటి కాదు, దాని పక్కనే రెండో వరస కూడా వేస్తా. నడుం ఇంకా వదులు కావాలంటే చేస్తా, లోపల గుడ్డ ఉంది. పొడుగు చాలదంటే ఒక మడత ఇప్పి ఇస్తా. దీనికంతా నువ్వు నాకేం ఇయ్యాల్సిన పని లేదు. అంతవరకే నా పని. కుట్టిన గుడ్డ కుట్టలేదని మాత్రం చెప్పను. నీ అల్లుడికీ చెప్పను, బావి కాడోళ్లకూ చెప్పను. నా కాడ దాచిపెట్టుకోనూ పెట్టుకోను. ఇంకొకసారి ఇట్ల విప్పుకోని వస్తే ఈ పావడ నేను ముట్టుకోను. నన్ను తప్పుగా అనుకోవద్దు.”

“నీకేంలే. నీ బిడ్డలు నీ ఇంట్లో ఉండారు.”

“ఉండారు.”

“నా మాదిరి నీకూ వస్తే తెలుస్తాది.”

ఆ మాట తగిలింది. పెరట్లోని పిల్లల గొంతులు నాకు ఇంకా గట్టిగా వినపడినాయి. శాపం పెట్టిందేమో అనుకున్నాను. ఆమెకూ వినపడినట్టుంది తాను అన్న మాట. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకోని, “నా నోట్లో మన్ను పడ. నీ బిడ్డలు చల్లగుండనీ పాపా, ఊరికే అంటి” అని ఏడ్చింది. కండెలు చుట్టి చుట్టి కాయలు కాసిన చేతులు. వాటితోనే మొగం తుడుచుకుంది.

నేను ఓదార్చలేదు. ఓదార్చడం నాకు రాదు. ఇప్పటికీ రాదు, నా మనవరాండ్లు అదే అంటారు. మిషను ముందరికి లాక్కోని, పావడ సూది కింద పెట్టినాను.

చేతి మిషనులో కుడిచెయ్యి చక్రం తిప్పేదానికి పోతుంది, గుడ్డకు మిగిలేది ఎడమచెయ్యి ఒక్కటే. కుచ్చిళ్ల పావడ బరువుగా ఉంటుంది, వెనక ఎవరన్నా పట్టుకుంటే గానీ కుట్టు వరస తప్పుతుంది. మామూలుగా మా ఆయన చెల్లెలు పట్టుకునేది. ఆ దినం ఇంట్లో లేదు.

“ఊరికే కూచోని ఏడ్చే బదులు ఇట్లొచ్చి ఆ కొస పట్టుకో అత్తా” అన్నాను.

వచ్చి పట్టుకుంది. నేను చక్రం తిప్పినాను. రెండు వేళ్ల పొడుగు కూడా కుట్టు సాగలేదు, గుడ్డ ఆగిపోయింది. చూస్తే ఆమె రెండు చేతులతో అంచును పిడికిట్లో పట్టుకోని ఉంది.

“వదులు అత్తా. అంత గట్టిగా పట్టుకుంటే సూది ఇరుగుతాది.”

కొంచెం వదిలింది. మళ్లీ పట్టుకుంది. మళ్లీ చెప్పినాను. చివరికి అరచేతులు పైకి పెట్టి, వాటి మీద గుడ్డను ఊరికే మోసింది. అప్పుడు కుట్టు సాగింది. మొదటి వరస అయింది. దాని పక్కనే రెండో వరస వేసినాను. దారం కొసలు ముడి వేసి కోసినాను.

అంతలో పిల్ల వచ్చింది. అవ్వను వెతుక్కుంటా వచ్చి, తలుపు సందులో నుంచి తల లోపలికి పెట్టింది. ముందరి పన్ను ఒకటి ఊడి ఉంది.

“అవ్వా, అయిపోయిందా నా పావడ?”

నేనే, “అయింది, రా” అన్నాను.

తొడిగి చూసినాను. నడుం సరిపోయింది. అంచు పాదాల మీద ఆగింది. పిల్ల మా ఇంటి నడిమధ్యన గిరగిరా తిరిగింది. కుచ్చిళ్లన్నీ విచ్చుకోని నిలబడినాయి.

“ఇది మాయమ్మ కోకంట. పెద్దమ్మా, నీకు తెలుసా?” అన్నది నాతో.

“తెలుసు.”

“నేను బస్సు ఎక్కుతా దీన్ని కట్టుకోని. మా నాయన కిటికీ కాడ కూచోబెడతాడంట. అవ్వ నా పక్కన కూచుంటాది. కదవ్వా?”

నేను ఆమె మొగం చూసినాను. నాకు తెలీని సంగతి అది. పిల్లకు అట్లా చెప్పి ఉంచిందన్నమాట.

“ఊ” అన్నది ఆమె.

పిల్ల మళ్లీ గిరగిరా తిరిగింది. ఆమె వంగి, ఆ కొత్త కుట్టు మీద వేలు పెట్టి తడిమి చూసింది. ఏ దర్జీ చూసినా అట్లాగే చూస్తుంది. వరస వంకర పోయిందా, దారం వదులుగా ఉందా అని. వంక పెట్టేదానికి ఏమీ దొరకలేదు.

“బాగుంది పాపా” అన్నది.

పోయేటప్పుడు, రైక సరిచేసినప్పటి నుంచి నా కాడే ఉండిపోయిన పేలికల మూట చేతికిచ్చినాను. పిల్లను చంకన ఎత్తుకుంది. ఎత్తుకునే వయసు దాటిపోయిన పిల్ల, కాళ్లు ఆమె మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. బావి కాడ అప్పటికీ ఒకరిద్దరు ఉన్నారు. వాళ్ల దగ్గర ఆగి, “దాని కుట్టు ఊడలేదు. నా చెయ్యే ఊరుకోలా” అని చెప్పి, వాళ్లు ఇంకొక మాట అడిగేలోపలే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయన మిల్లు నుంచి వచ్చినాక సంగతంతా చెప్పినాను. “వారం దినాలు నీ కాడ పెట్టుకోనుంటే నీ సొమ్మేం పోయేది?” అన్నాడు.

“వారం కాదు ఆమె అడిగేది” అన్నాను.

“అయినా.”

“అయినా లేదు ఏం లేదు. కుట్టింది కుట్టలేదని ఎట్లా చెప్తా? ఆ బిడ్డ తండ్రి మెట్టు కింద నిలబడి అడుగుతాంటే ఆ మొగం మీద ఎట్లా చెప్తా?”

మా ఆయన అన్నం కలుపుకున్నాడు. ఆ మాటకు ఇప్పటికీ నా జవాబు అదే. అంత సరైన జవాబు చెప్పి కూడా నేను ఆ పూట ముద్ద మింగలేకపోయినాను.

పొద్దున్నే అల్లుడు వచ్చినాడు. మా వీధి మీదుగానే బస్సు కాడికి పోవాల. ముందర అతను, ఒక చేతిలో పిల్ల గుడ్డల సంచి. వెనక ఆమె, పిల్ల చెయ్యి పట్టుకోని. పిల్ల తలకు నూనె పెట్టి, రెండు జడలేసి, కనకాంబరాలు పెట్టింది. పావడ అంచు మూలన పసుపు పెట్టి ఉంది. ఒళ్లో కొబ్బరి చిప్ప, బెల్లం. పిల్ల అవి పడిపోకుండా కొంగు మాదిరి పావడ ముందరి భాగం ఎత్తి పట్టుకోని నడుస్తాంది. నేను వాకిలి ఊడుస్తాంటి. చీపురు అక్కడే పడేసి వెంట పోయినాను. ఎందుకు పోయినానంటే చెప్పలేను. ఎవరూ రమ్మనలేదు.

బస్సు నిండా జనం. అతను ముందు ఎక్కి కిటికీ పక్కన చోటు పట్టినాడు. ఆమె పిల్లను ఎత్తి లోపలికి ఇచ్చి, తాను కూడా ఎక్కింది. పిల్ల పక్కన కూచుంది. పిల్లకు కిటికీలో నుంచి నన్ను చూపించింది. పిల్ల చెయ్యి ఊపింది. కండక్టరు ఈల వేసేముందర ఆమె లేచి, “ఆకూవక్కా తెచ్చుకుంటా, ఇప్పుడే వస్తా” అని చెప్పి దిగింది. బస్సు వెనక పక్కకు వచ్చి, కిటికీలో నుంచి కనపడకుండా నిలబడింది.

బస్సు కదిలింది. పిల్ల, “మాయవ్వ ఎక్కలా, ఆపండి, మాయవ్వ ఎక్కలా” అని అరిచింది. తండ్రి రెండు చేతులూ వేసి ఒళ్లోకి లాక్కున్నాడు. బస్సు మలుపు తిరిగిందాకా ఆ అరుపు వినపడింది. తర్వాత వినపడలేదు.

ఆమె దుమ్ములో నిలబడే ఉంది. నేను దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు, నాకేసి చూడనూ లేదు. ఇద్దరం నడిచి వచ్చినాము. మా ఇంటి కాడ నా చెయ్యి వదిలి, వెనక వీధిలోకి తిరిగిపోయింది. కొంచెంసేపటికి రాట్నం చప్పుడు మొదలయింది.